వంద మాటల పరిచయంలో మీరెక్కడున్నారు?

ప్రశ్న: నేను నల్లగొండ జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థలో తాగునీటి పరీక్షల పని చేస్తున్నాను. వచ్చే నెల హైదరాబాదులో తాగునీటి మీద జరిగే ఒక సదస్సులో మాట్లాడమని పిలిచి, ఆహ్వాన పత్రికలో వేయడానికి వంద మాటలలోపు పరిచయం పంపమన్నారు. నేను రాసింది ఇది:

“నేను మర్రిగూడ మండలంలోని ఒక చిన్న పల్లెటూరి నుంచి వచ్చాను. డిగ్రీ వరకు మాత్రమే చదువుకున్నాను. మా సంస్థలో గత కొన్నేళ్లుగా నీటి పరీక్షల పనిలో నా వంతు సహాయం చేసే అవకాశం లభించింది. మా సార్ల ప్రోత్సాహంతో కొన్ని గ్రామాలు తిరిగి బోర్ల నీళ్లు చూడడం జరిగింది. పిల్లలకు, మహిళలకు నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతుంటాను. ఇంకా నేర్చుకోవలసింది చాలా ఉంది. ఉడతా భక్తిగా చేసిన ఈ చిన్న పనిని గుర్తించినందుకు కృతజ్ఞతలు.”

మా మేనేజరు గారు చదివి, “ఇంత తక్కువ చేసుకుంటే ఎట్లమ్మా? నిన్నెందుకు పిలిచిండ్రో చదివినోళ్లకు ఎట్ల తెలుస్తది?” అన్నారు. మళ్లీ రాయబోతే “ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాలలో విశేష కృషి సల్పుతున్న ప్రముఖ నీటి నిపుణురాలు” అని మొదలైంది, సిగ్గేసి చింపేశాను. నా పని వివరాలు వేరే కాగితం మీద రాసి జతచేస్తున్నాను. దీన్ని ఎట్లా సరిచేయాలి?

— ఒక పాఠకురాలు, మర్రిగూడ మండలం

సమాధానం: మీ మేనేజరు గారి మాటలో మొదటి వాక్యాన్ని పక్కన పెట్టి రెండో వాక్యాన్ని పట్టుకోండి. “తక్కువ చేసుకున్నావు” అన్న మాట వినగానే ఎవరికైనా ఎక్కువ చేసుకోవాలనే అనిపిస్తుంది, మీరు చింపేసిన రెండో ప్రతి అక్కడి నుంచే పుట్టింది. ఆయన అసలు అడిగింది మిమ్మల్ని ఎందుకు పిలిచారో తెలియడం లేదని. మీ ఏడు వాక్యాలను మిమ్మల్ని ఎన్నడూ చూడని మనిషి చదివాడనుకుందాం. చదివి ముగించేసరికి అతనికి తెలిసేవి మూడు సంగతులు: మండలం పేరు, డిగ్రీ ఉన్నదని, నీటి పరీక్షలకు సంబంధించిన పని ఏదో చేస్తారని. మిగిలినదంతా మీ మనసులోని భావం. మీ పరిచయానికి వచ్చిన జబ్బు వినయం కాదు, సమాచారం లేకపోవడం. కాబట్టి మందు కూడా పొగడ్త కాదు.

మొదటి విడతలో పెన్సిలు తీసుకొని కొట్టివేతలు మాత్రమే చేయండి, ఒక్క మాట కూడా కొత్తగా చేర్చవద్దు. ఈ నియమం ఎందుకంటే, ఒక మాట తీసిన చోటనే వెంటనే మరో మాట పెట్టబోతే “చిన్న” అన్న చోట “విశేష” వచ్చి కూర్చుంటుంది. “చిన్న” రెండు చోట్ల ఉంది, రెండూ పోవాలి. “మాత్రమే”, “నా వంతు”, “అవకాశం లభించింది”, “నాకు తెలిసిన నాలుగు మాటలు” కూడా పోవాలి. “ఇంకా నేర్చుకోవలసింది చాలా ఉంది” అన్నది నిజమే గాని, అది సదస్సును ప్రారంభించే పెద్దమనిషికీ నిజమే, అక్కడ టీ అందించే కుర్రవాడికీ నిజమే. అందరికీ వర్తించే వాక్యం మీ గురించి ఏమీ చెప్పదు. “ఉడతా భక్తి” మంచి నుడికారం, నాకూ ఇష్టమే. అయితే మీ పరిచయంలో ఉడుత కనిపించింది గాని వారధి ఎక్కడా కనిపించలేదు. సార్ల ప్రోత్సాహాన్నీ కృతజ్ఞతలనూ పారేయకండి, చోటు మార్చండి. వేదిక ఎక్కిన మొదటి నిమిషంలో మీ నోటితో చెబితే అవి నిండుగా ఉంటాయి, ఆ సార్లు ఎదురుగా కూర్చొని వింటారు కూడా.

కొట్టివేసేటప్పుడు రెండు చోట్ల ఆగండి. మొదటిది పల్లెటూరి మాట. దానిని మీరు లోటుగా రాశారు, అది నిజానికి మీ అర్హతలో భాగం. ఫ్లోరైడ్ నీటి మీద మాట్లాడబోయే మనిషి ఆ నీళ్లు తాగిన ఊళ్లోనే పెరిగిందంటే వినేవారికి అది పనికివచ్చే సంగతి. “ఒక చిన్న పల్లెటూరు” తీసివేసి ఊరి పేరు పెట్టండి. మీ తమ్ముడికి గారపళ్లు ఉన్నాయని కాగితంలో రాశారు గదా, దానిని మాత్రం పరిచయంలోకి తేవద్దు. అది అతని కథ, అచ్చు వేయాలంటే అతని అనుమతి కావాలి. రెండో చోటు చదువు. “డిగ్రీ వరకు మాత్రమే” అన్నారు. కాగితం చూస్తే అది రసాయన శాస్త్రం ఒక సబ్జెక్టుగా చేసిన బీఎస్సీ అని ఉంది. నీటిని పరీక్షించే మనిషికి అంతకంటే సూటిగా సరిపోయే చదువు ఏముంటుంది? “మాత్రమే” తీసి సబ్జెక్టు పేరు పెడితే చాలు, వాక్యం దానంతట అదే తల ఎత్తుతుంది.

రెండో విడత క్రియలది. కొట్టివేతల తర్వాత మిగిలిన దానిలో “సహాయం చేసే”, “చూడడం జరిగింది”, “చెబుతుంటాను” అనేవి ఉన్నాయి. మన భాషలో కర్తను చెప్పకుండానే వాక్యం నడిచిపోతుంది, అది అందం కూడా. కాని “జరిగింది” అన్న మాట ఆఫీసు ఫైళ్ల నుంచి వచ్చి మన రాతలో స్థిరపడిన తర్వాత, పని చేసిన మనిషి ఆ మాట వెనక సులభంగా దాక్కోగలుగుతున్నాడు. వాన పడడం జరుగుతుంది, పొద్దు గూకడం జరుగుతుంది. నీటి పరీక్ష అట్లా దానంతట అది జరగదు గదా. “సహాయం” కూడా అటువంటిదే. ఎవరికి సహాయం చేశారని మీ కాగితంలో వెతికాను; పరీక్ష చేసేది మీరే, రిజిస్టరు రాసేది మీరే అని ఉంది. అటువంటప్పుడు అది సహాయం కాదు, మీ ఉద్యోగం.

“చూడడం” దగ్గర ఇంకొంచెం నిలబడాలి, ఎందుకంటే మీ వినయం ఎక్కువ నష్టం చేసింది ఇక్కడే. మీ కాగితం ప్రకారం మీరు చేసేది ఇది: పంపును కాసేపు కొట్టి, పైపులో నిలిచిన నీళ్లు పోయిన తర్వాత, గాజు సీసా కాకుండా ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో రెండుసార్లు కడిగి నమూనా పడతారు, సీసా మీద ఊరు, వాడ, తేదీ రాస్తారు, కిట్‌లోని రసాయనం కలిపి, వచ్చిన రంగును పట్టికతో పోల్చి లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో నమోదు చేస్తారు, ప్రతి పదో నమూనాను ప్రయోగశాలకు పంపి మీ అంకెను సరిచూసుకుంటారు. దీనిని “నీళ్లు చూడడం” అంటే చదివినవారు బావి గట్టు మీద నిలబడి తొంగిచూశారనుకుంటారు. ఇదంతా పరిచయంలో రాయనక్కరలేదు, “పరీక్షిస్తున్నారు” అన్న ఒక్క క్రియ దీనినంతా మోస్తుంది. “నాలుగు మాటలు చెబుతుంటాను” అన్నదాని వెనక ఏముందో చూసి నాకు ఆశ్చర్యం వేసింది. బడిపిల్లల ముందు బకెట్ నీళ్లలో పటిక, సున్నం కలిపి, పది నిమిషాలు మెల్లగా తిప్పి, గంటసేపు తేరనిచ్చి పైనీళ్లు వేరు చేసి చూపిస్తారట. నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన ఈ విధానానికి దేశమంతటా నల్లగొండ పద్ధతి అనే పేరు. సొంత జిల్లా పేరుతో ఉన్న పద్ధతిని చేసి చూపించే మనిషి, దానిని “నాలుగు మాటలు” అని రాసుకోవడం ఏమిటి?

మూడో విడతలో అంకెలు వస్తాయి, ఇక్కడ జాగ్రత్త వేరే రకమైనది. మీ కాగితంలో “వెయ్యికి పైగా నమూనాలు” అని ఒక చోట, రిజిస్టర్ల లెక్క ప్రకారం 1,180 అని మరో చోట, 412 నీటి వనరులు అని ఇంకో చోట ఉంది. మూడూ నిజమే అయి ఉండవచ్చు, కాని పరిచయంలో ఒక్కటే ఉండాలి. సహజంగా చెయ్యి పెద్ద అంకె మీదికే పోతుంది. నా మాట వినండి, 412 వేయండి. ఒకే బోరును వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, మళ్లీ మరుసటి ఏడాది పరీక్షించినందువల్ల 1,180 అయింది, సదస్సులో కూర్చునేవారిలో నీటి లెక్కలు తెలిసినవారు ఉంటారు, “1,180 బోర్లా?” అని ఎవరైనా అడిగితే మీరు సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది. 412 అంటే ఆ ఊళ్లలో జనం నీళ్లు పట్టుకునే చోట్లు, అడిగిన వెంటనే రిజిస్టరు తీసి వరుసగా చూపించగలిగినవి. అంకె చిన్నదైనా వెనక కాగితం ఉన్నదే పెద్దది. “గత కొన్నేళ్లుగా” అన్న చోట “2016 నుంచి” అని, “కొన్ని గ్రామాలు” అన్న చోట “46 గ్రామాలు” అని వేయండి. “కొన్ని” అన్న మాట వినయానికి పనికివస్తుంది, గొప్పలకూ పనికివస్తుంది, అందుకే అది పరిచయంలో ఎవరికీ ఉపకరించదు.

ఆ 412లో ఎన్నింటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటిందన్న లెక్క కూడా పంపారు. దానిని పరిచయంలో పెట్టవద్దని నా అభిప్రాయం. అది మీ గురించిన సంగతి కాదు, నీళ్ల గురించిన సంగతి. మీ ప్రసంగానికి అదే ప్రాణం, ఆహ్వాన పత్రికలో ముందే ఖర్చు చేసుకోవద్దు.

బృందం సంగతి మీకు ఇబ్బందిగా ఉన్నట్లు కాగితంలోనే తెలుస్తున్నది. నమూనాలు తెచ్చేవారు ఇంకా ఇద్దరున్నారని, అన్నీ తానే చేసినట్లు రాస్తే వారికి బాధ కలుగుతుందని అన్నారు. ఆ భయంతోనే మీరు “సహాయం”లోకి జారిపోయారు. ఇటువంటి చోట “నాయకత్వం వహించారు” అని రాయమని చాలామంది చెబుతారు, మీరు రాయవద్దు. మీ సంస్థలో మీకు ఆ హోదా ఇచ్చినట్లు మీ కాగితంలో లేదు. ఎవరి పని ఏదో విడదీసి చెబితే సరిపోతుంది: “ముగ్గురి బృందంలో పరీక్ష, నమోదు బాధ్యత ఆమెది.” ఈ వాక్యం చదివిన మీ సహోద్యోగులకు కోపం రాదు, చదివిన పరాయివారికి మీ చోటు ఏదో తెలుస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ కాగితం రెండు వైపులా చదివిన తర్వాత, చివర బ్రాకెట్‌లో చిన్న అక్షరాలతో రాసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 2018లో ఒక ఊళ్లో ఒక ముసలమ్మ మిమ్మల్ని పట్టుకొని, “రాసుకొని పోతరు గని, తాగొచ్చునో వద్దో మాకు చెప్పకపోతిరి” అన్నదని, అప్పటి నుంచి ఫలితం రాగానే చేతిపంపు మీదనే ఎరుపో నీలమో రంగు వేయడం మొదలుపెట్టారని, మొదటి డబ్బా రంగు మీ సొంత డబ్బులతో కొన్నారని ఉంది. బ్రాకెట్ పక్కన “ఇది రాయనక్కరలేదనుకుంటా” అని కూడా మీరే రాశారు. నేను ఇన్నేళ్లలో చదివిన పరిచయాలలో వినయం గలవారందరూ చేసే పని ఇదే; అందరూ చేసే పనిని ముందు రాసి, తాము తప్ప మరొకరు చేయని పనిని చివర దాచిపెడతారు. నీటి పరీక్షలు చేసేవారు ఇంకా చాలామంది ఉన్నారు. ఫలితం రిజిస్టరులో మగ్గిపోతున్నదని గ్రహించి, దానిని బిందె పట్టుకొని వచ్చే మనిషి కంటి ముందు పెట్టింది మీరు. సదస్సువారు మిమ్మల్ని పిలిచింది బహుశా ఇందుకే. ఈ వాక్యం బ్రాకెట్ నుంచి బయటికి వచ్చి పరిచయం నడుమ నిలబడాలి.

అయితే దీనిని రాసేటప్పుడే చెయ్యి అదుపు తప్పే ప్రమాదం ఎక్కువ, కాబట్టి మూడు హద్దులు గీస్తాను. “రాష్ట్రంలోనే మొదటిసారి” అనకండి. ఇతర చోట్ల ఎవరూ చేయలేదని మీరు పరిశీలించి చూడలేదు, “ఈ గ్రామాలలో ప్రారంభించారు” అంటే అది తిరుగులేని మాట. “సురక్షితమైన నీటిని తెలిపే గుర్తు” అని కూడా అనకండి. నీలం రంగు ఫ్లోరైడ్ సంగతి ఒక్కటే చెబుతుంది గాని, ఆ నీళ్లలో క్రిములు లేవని చెప్పదు, మీ కిట్ వాటిని పరీక్షించదు. చివరిది, మీ మేనేజరు గారు “దీనివల్ల ఫ్లోరోసిస్ తగ్గింది” అన్న వాక్యం చేర్చమనవచ్చు. చేర్చకండి. అవే సంవత్సరాలలో మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీళ్లు ఊళ్లకు వచ్చాయి, ఏది దేనివల్లనో విడదీసి చెప్పే లెక్క మీ దగ్గర లేదు. పైగా ఒకసారి పళ్లకు పట్టిన గార, వంగిన ఎముకలు మళ్లీ మామూలు కావని ఆ సభలో అందరికీ తెలుసు. సొంత డబ్బుల ముచ్చట కూడా పరిచయంలో వద్దు. అచ్చులో అది త్యాగంలా వినిపిస్తుంది, ప్రసంగంలో నవ్వుతూ చెబితే ముచ్చటలా వినిపిస్తుంది.

మీరు చింపేసిన వాక్యం గురించి కూడా ఒక మాట చెప్పాలి. దానిలో మీకు సిగ్గేసిందంటే మీ చెవి బాగుందని అర్థం. “విశేష కృషి”, “ప్రముఖ”, “నిపుణురాలు” అన్న మూడింటినీ విడివిడిగా తీసుకొని “ఎట్లా?” అని అడిగి చూడండి. 412 వనరులు అన్నదానికి జవాబు రిజిస్టరులో ఉంది, రంగు గుర్తుకు జవాబు పంపు మీద ఉంది. “విశేష”కు జవాబు ఎక్కడా లేదు. ఆ వాక్యంలో “ఫ్లోరైడ్” తీసి “క్షయ” అని పెడితే అది మరొకరి పరిచయమైపోతుంది, మళ్లీ తీసి “పట్టు పరిశ్రమ” అంటే ఇంకొకరిది. అట్లా ఎవరి మెడలోనైనా పట్టే దండను మీ మెడలో వేసుకోకండి. “నిపుణురాలు” అన్నది ఇతరులు మిమ్మల్ని అనవలసిన మాట. మీరు రాసుకోదగినది మీ ఉద్యోగం పేరు. నియామక పత్రంలో “క్షేత్ర సమన్వయకర్త” అని ఉందన్నారు, అదే వేయండి.

ఇక “నేను”, “ఆమె” తగాదా. ఆహ్వాన పత్రికలోని పరిచయం సాధారణంగా మరొకరు చెబుతున్నట్లే ఉంటుంది. అక్కడ తెలుగులో ఒక చిక్కు ఉంది. తన గురించి తానే “పరీక్షిస్తున్నారు, ప్రారంభించారు” అని రాసుకుంటుంటే, తనకు తానే దండం పెట్టుకుంటున్నట్లు అనిపించి చెయ్యి ఆగుతుంది. మీరు “నేను”లోనే ఉండిపోవడానికి, “నేను”లో ఉన్నందువల్ల ఇంకా ముడుచుకుపోవడానికి అది ఒక కారణమని నా ఊహ. ఆ చివరి “రు” మీరు మీకు ఇచ్చుకునే గౌరవం కాదు, సదస్సువారు తమ అతిథికి ఇచ్చేది. వారి గొంతును మీరు ముందుగా రాసి ఇస్తున్నారంతే. మీ పేరు పక్కన “గారు” మాత్రం చేర్చకండి, అది వారే చేర్చుకుంటారు. ఈ గొంతు తేడా తెలియక నేను ఒకసారి అవస్థపడ్డాను. మహబూబ్‌నగర్‌లో శిక్షణ పుస్తకాలకు సంపాదకుడిగా ఉన్న రోజులలో, ఒక సభకు నా పరిచయం అడిగితే వినయంగా “తీరిక దొరికినప్పుడు ఏదో రాస్తుంటాను” అని రాసి పంపాను. వ్యాఖ్యాత దానిని మర్యాదగా మార్చి, మైకులో గంభీరంగా, “వీరు తీరిక దొరికినప్పుడు ఏదో రాస్తుంటారు” అని చదివాడు. సభంతా నవ్వింది. అతని తప్పు ఏమీ లేదు, నేను ఇచ్చిందే చదివాడు. అప్పటి నుంచి ఏ పరిచయాన్నయినా ముందు మరొకరి చేత పైకి చదివించి విన్న తర్వాతనే పంపుతున్నాను.

చివరి విడత వరుస మార్చడం. మీ పాత ప్రతి పుట్టుకతో మొదలై కృతజ్ఞతతో ముగిసింది, అది జీవిత కథ నడిచే తీరు. పరిచయం చదివేవారు మొదటి వాక్యంలోనే ఈ మనిషి ఇప్పుడు ఏమి చేస్తున్నారో వెతుకుతారు. కాబట్టి ఇప్పటి ఉద్యోగం మొదట, దాని విస్తృతి తర్వాత, మీ సొంత ఆలోచన నడుమ, బడుల పని దాని వెంట, చదువు, ఊరు చివర రావాలి. ఊరిని చివర పెట్టడం తక్కువ చేయడం కాదు. పనంతా చదివిన తర్వాత ఆ ఊరి మాట వస్తే, మొదట్లో లోటుగా కనిపించినదే ఇప్పుడు పనికి మూలంగా కనిపిస్తుంది. మీ కాగితంలో ఉన్నవి తప్ప నా సొంతంగా ఏమీ చేర్చకుండా కూర్చినది ఇది:

“(మీ పేరు) నల్లగొండ జిల్లాలోని (సంస్థ పేరు)లో తాగునీటి పరీక్షల క్షేత్ర సమన్వయకర్త. 2016 నుంచి మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాలలోని 46 గ్రామాలలో 412 బోర్లు, చేతిపంపులు, బావుల నీటిలో ఫ్లోరైడ్‌ను పరీక్షిస్తున్నారు. ముగ్గురి బృందంలో పరీక్ష, నమోదు బాధ్యత ఆమెది. ఫలితం రిజిస్టరులోనే ఉండిపోకుండా, నీళ్లు పట్టుకునేవారికి కనిపించేలా, ఫ్లోరైడ్ మోతాదును తెలిపే రంగు గుర్తును చేతిపంపు మీదనే వేసే పద్ధతిని 2018లో ఈ గ్రామాలలో ప్రారంభించారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే నల్లగొండ పద్ధతిని ప్రభుత్వ పాఠశాలలలో బకెట్‌లో చేసి చూపిస్తారు. రసాయన శాస్త్రం ఒక సబ్జెక్టుగా బీఎస్సీ చదివారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన (ఊరి పేరు)లోనే పుట్టి పెరిగారు.”

వంద మాటలకు ఇంకా చోటు మిగిలింది, నింపాలని చూడకండి. ఒక్క విశేషణం కూడా లేదని గమనించండి. అయినా మీ పాత ప్రతికి, దీనికి మధ్య మీ మేనేజరు గారు అడిగిన తేడా ఉందనే అనుకుంటున్నాను.

పంపే ముందు ఇద్దరికి చూపించండి. ఒకరు మీతో పాటు ఊళ్లు తిరిగే సహోద్యోగి. అతను ఎక్కడ నొసలు ముడిచినా, ఆ వాక్యం అతిగా ఉందో, అతని పనిని మింగిందో అడిగి తెలుసుకొని మార్చండి. రెండోవారు నీటి పనితో సంబంధం లేని మనిషి, మీ ఇంటి పక్కవారైనా సరే. వారు చదివి కాగితం మడిచిన తర్వాత “నేనేం పని చేస్తానో చెప్పండి” అని అడగండి. చేతిపంపు మీది రంగు సంగతి వారి నోట వస్తే పరిచయం పని చేసినట్లే. రాకపోతే ఆ వాక్యం పొడవు ఎక్కువై దారిలో తప్పిపోయి ఉంటుంది, రెండుగా విరవండి.

మేనేజరు గారికి ఈ ప్రతిని ఇచ్చేటప్పుడు, “ఇంకా పెంచాలా సార్?” అని అడగకండి, అట్లా అడిగితే ఆయన తప్పక ఏదో ఒకటి పెంచుతారు. “వీటిలో తప్పున్న అంకె ఏదైనా ఉందా?” అని అడగండి. ఆయన “ఫ్లోరైడ్ రక్కసిపై అలుపెరుగని పోరాటం” వంటిదేదైనా చేర్చమంటే, ఆ మాటను సదస్సువారి స్వాగతోపన్యాసానికి వదిలేద్దామని మెల్లగా చెప్పండి. ఆహ్వాన పత్రికలో చోటు చాలక వారు రెండు వాక్యాలకు కుదించమని అడగడం కూడా మామూలే. కుదింపు వారి చేతికి వదిలితే మొదటి రెండు వాక్యాలు ఉంచి మిగిలినవి కోసేస్తారు, రంగు గుర్తు మళ్లీ బ్రాకెట్ లోకి పోయినట్లే. కాబట్టి ఇప్పుడే ఒక పొట్టి ప్రతి కూడా తయారు చేసి జతచేయండి: మొదటి వాక్యం యథాతథంగా, దాని వెంట “46 గ్రామాలలో ఫ్లోరైడ్ పరీక్ష ఫలితాన్ని చేతిపంపు మీదనే రంగుతో గుర్తు వేసే పద్ధతిని 2018లో ప్రారంభించారు” అన్న వాక్యం.